84 వేల టిక్కీల లెక్క

గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ కట్టాలనుకున్న ఓ సంస్థకు 140 పేజీల ఫీజిబిలిటీ రిపోర్టు తయారుచేశాం. దాని ముందు పెట్టే రెండు పేజీల సారాంశం రాయడం నా వంతు. ఒక్కో అధ్యాయంలోంచి ఒక్కో పేరా ఏరి వరసగా పేర్చాను. మిర్చి సాగుతో మొదలై, మార్కెట్టు, యంత్రాలు, లెక్కలు దాటి, చిట్టచివర ‘ప్రాజెక్టు లాభదాయకం’ అని తేలింది. బోర్డు మీటింగులో ఒక డైరెక్టరుగారు కాగితం తిప్పి చూసి, "ఇంతకీ మమ్మల్ని ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

మొదటి వాక్యంలో ఉండాల్సిన జవాబు అదే. తిరగరాసినప్పుడు అక్కడే మొదలుపెట్టాను: ‘లక్ష టిక్కీల కోల్డ్ స్టోరేజీకి 6 కోట్లవుతుంది. 2 కోట్లు మనం పెట్టి, 4 కోట్లు బ్యాంకు అప్పు తేవాలి. ఒక షరతు మీద ఆమోదించండి.’

ఆ షరతు రిపోర్టులో 97వ పేజీలో, ఒక పట్టిక అడుగున నక్కి ఉంది. టిక్కీకి సీజను అద్దె 180 రూపాయలు వేసుకున్నాం. గోదాము నిండితే కోటీ 80 లక్షలు వస్తుంది. కరెంటు, జీతాలు, బీమా, మరమ్మతులకు ఏటా 68 లక్షలు పోతాయి. ఏడేళ్ల అప్పుకు వడ్డీతో కలిపి కిస్తీ 82 లక్షలు. మొత్తం కోటిన్నర. అంటే 84 వేల టిక్కీలు చేరితే గానీ కిస్తీ గట్టెక్కదు. 70 వేలే వస్తే కోటీ 26 లక్షల అద్దెతో సరి, ఏడాదికి 24 లక్షలు చేతి నుంచి పెట్టుకోవాలి. రాబడి శాతాలు ఎన్ని రాసినా డైరెక్టర్లకు కావాల్సింది ఈ సంగతే. కాబట్టి షరతు ఇలా రాశాం: పునాది తవ్వకముందే 60 వేల టిక్కీలకు వ్యాపారుల నుంచి అడ్వాన్సులు రావాలి.

ప్రభుత్వ రాయితీని ఆ లెక్కలో కలపలేదు. అది కట్టడం పూర్తయ్యాక అప్పు ఖాతాకు జమయ్యే సొమ్ము. దాన్ని ముందే ఆదాయంగా చూపిస్తే సారాంశం అందంగా కనిపిస్తుంది, మొదటి ఏడాది కిస్తీ మాత్రం అలాగే ఉంటుంది.

ఇంకో తప్పు దాదాపు దొర్లిపోయేది. యంత్రాల కొటేషను మారాక లోపలి పట్టికల్లో 6 కోట్లని దిద్దాం, సారాంశంలో పాత 5.8 కోట్లే మిగిలింది. రెండంకెలు పొసగలేదని ఒక్కరు పట్టుకుంటే చాలు, ఇక మీటింగంతా దాని మీదే నడుస్తుంది. అందుకే సారాంశంలోని ప్రతి అంకె పక్కనా అది లోపల ఏ పేజీలో ఉందో పెన్సిలుతో రాసి, ఒక్కొక్కటే సరిచూశాను.

చివరగా, ఈ రిపోర్టుతో సంబంధం లేని పక్క సెక్షను మేడమ్‌గారికి ఆ రెండు పేజీలు ఇచ్చాను. మూడు నిమిషాలయ్యాక వెనక్కి తీసుకుని, ఏం అర్థమైందని అడిగాను. "84 వేలు నిండకపోతే జేబులోంచి తియ్యాలి. అడ్వాన్సులు రాకపోతే కట్టొద్దు. అంతేగా?" అన్నారు.