నలభై మంది, ఆరు వేల రూపాయలు, ఒక్క భోజనం

ఆఫీసులో ఒకరోజు వర్క్‌షాప్ అనగానే భోజనాల బాధ్యత ఎవరో ఒకరి మీద పడుతుంది. వాళ్లు చేసే మొదటి పని వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న పెట్టడం: వెజ్జా, నాన్‌వెజ్జా? లెక్క తప్పేది అక్కడే. వెజ్ అని రాసిన వాళ్లలో ఉల్లి, వెల్లుల్లి ముట్టని జైనులు ఉండవచ్చు. నాన్‌వెజ్ అని రాసినవారిలో హలాల్ కాని మాంసం తినని వాళ్లు ఉండవచ్చు. వేరుశనగ పడని మనిషి ఈ రెండు గడుల్లో దేనిలోనూ కనిపించరు.

అడగవలసింది “మీరు ఏం తినరు, ఏది పడదు?” అని. దాంతోపాటు తేదీ, వారం కూడా చెప్పాలి. బుధవారం గుడ్డు తినే మనిషే శనివారం ముట్టకపోవచ్చు. కార్తీక సోమవారమైతే ఉపవాసం ఉండేవాళ్లు ఉంటారు. రంజాన్ నెలలో అయితే కొందరికి అసలు మధ్యాహ్న భోజనమే ఉండదు. అందుకే తేదీ ఖాయం చేసే ముందే ఒకసారి క్యాలెండర్ చూసుకోవడం మంచిది.

హైదరాబాద్‌లో ఒక చిన్న సంస్థను ఉదాహరణగా తీసుకుందాం. నలభై మంది, తలకు 150 రూపాయల చొప్పున మొత్తం 6,000. జవాబులు వచ్చాక తేలింది ఇది: ఆ రోజు గుడ్డు తినేవారు 24 మంది, పూర్తి శాకాహారులు 16 మంది, వారిలో ముగ్గురు జైనులు. ఒకరికి వేరుశనగ అలర్జీ, ఒకరికి గోధుమ పడదు, ఇద్దరు పాలు పెరుగు మానేశారు, అయిదుగురికి షుగర్ ఉంది.

ఇలాంటప్పుడు చాలామంది వెజ్ బిర్యానీ, చికెన్ బిర్యానీ చెప్పేస్తారు. చెప్పడం సులువే. కానీ వెజ్ బిర్యానీలో ఉల్లి, వెల్లుల్లి, ఆలు, క్యారెట్ ఉంటాయి కాబట్టి జైనులు తినలేరు. అందులో పెరుగు, నెయ్యి పడితే పాలు మానేసినవాళ్లకూ దారి లేదు. చికెన్ అనగానే హలాల్ సంగతి వస్తుంది, ఖర్చూ పెరుగుతుంది. చివరికి ముగ్గురు నలుగురు పెరుగన్నంతో సరిపెట్టుకుంటారు.

దీనికి మంచి పద్ధతి ఒకటుంది. అందరికంటే ఎక్కువ పట్టింపులున్న వాళ్లను ముందు పెట్టుకుని, నలభై మందీ తినగలిగే భోజనాన్ని పునాదిగా వేసుకోవాలి. కొందరికే కావలసినవి దాని పక్కన విడిగా చేర్చాలి. తెలుగువాళ్ల అన్నం, పప్పు, కూర, చారు ఈ పునాదికి సరిగ్గా సరిపోతాయి. పునాది వంటలకు బియ్యం, కందిపప్పు, కూరగాయలు చాలు కాబట్టి ఖర్చూ అదుపులో ఉంటుంది.

ఈ నలభై మందికి మెనూ ఇలా కుదురుతుంది: అన్నం, టమాటా పప్పు, సొరకాయ శనగపప్పు కూర, కొబ్బరి వేసిన బీన్స్ వేపుడు, మిరియాల చారు, వెల్లుల్లి లేని నిమ్మకాయ పచ్చడి. నెయ్యి, పెరుగు వేరే గిన్నెల్లో. గుడ్డు కూర వేరే బల్ల మీద. ఆఖరున అరటిపండు. చికెన్ బదులు గుడ్డు పెడితే హలాల్ ప్రశ్న తలెత్తదు, ధరా తక్కువే. దుంపలేవీ లేవు కాబట్టి జైనులకు కూరలు రెండూ పనికొస్తాయి. అల్లం కూడా నేలలో పెరిగేదే కనుక పచ్చి అల్లం వేయవద్దని చెప్పాలి.

వంటవాళ్లతో మాట్లాడేటప్పుడు అసలు జాగ్రత్త కావాలి. “ఉల్లి, వెల్లుల్లి లేకుండా చేస్తాం” అన్న మాట దగ్గర ఆగకూడదు. పప్పు పోపులో వెల్లుల్లి రెబ్బలు వేయడం చేతి అలవాటు. వేపుడులో వెల్లుల్లి కారం, పల్లీల పొడి చల్లడమూ అంతే. కాబట్టి ఒక్కో వంట పేరు చెప్పి, పోపులో ఏం పడుతుంది, ఏ నూనె వాడతారు, పైన ఏం చల్లుతారు అని అడగాలి. వేరుశనగ అలర్జీ ఉన్నప్పుడు పల్లీలు, పల్లీ నూనె రెండూ ఆ రోజు వంటలోకి రాకూడదు, పొద్దుతిరుగుడు నూనె వాడమనాలి. అలర్జీ తీవ్రంగా ఉన్నవారైతే ఆ వంటింట్లో పల్లీలు వాడతారన్న సంగతి వారికి ముందే చెప్పాలి. ఇంటి నుంచి తెచ్చుకుంటామంటే అడ్డు చెప్పకూడదు.

ఇంగువ సంగతి చాలామందికి తట్టదు. బజారులో దొరికే ఇంగువ పొడిలో తరచూ గోధుమ పిండో మైదానో కలిపి ఉంటుంది, డబ్బా మీద పదార్థాల జాబితాలో అది కనిపిస్తుంది. గోధుమ పడని మనిషికి అన్నం, చారు క్షేమమే అనుకుంటాం కానీ, చారు పోపులో చిటికెడు ఇంగువ పడితే చిక్కే. పోపును జీలకర్ర, కరివేపాకు, ఎండుమిర్చితో ముగించమంటే ఈ ఇబ్బంది ఉండదు.

షుగర్ ఉన్నవారికి వేరే వంట అక్కర్లేదు. కూరలు, పప్పు ధారాళంగా ఉంటే అన్నం తగ్గించి తింటారు. వారికి కావలసింది వేళ. ఇన్సులిన్ తీసుకునేవారికి, కొన్ని రకాల మాత్రలు వేసుకునేవారికి భోజనం ఆలస్యమైతే రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. ఒంటి గంటకు భోజనం అని కాగితం మీద వేసి, వక్త ముగించలేదని రెండున్నర దాకా సాగదీయడం వాళ్లకు నిజంగా ప్రమాదకరం. భోజనం వేళ ముందే వక్తకు చెప్పి ఉంచాలి, ఒంటి గంటకు ఉపన్యాసం ఆపే బాధ్యత ఒకరికి అప్పగించాలి.

ఇక పరిమాణాలు. తలకు 110 గ్రాముల బియ్యం చొప్పున నాలుగున్నర కిలోలు సరిపోతాయి, వండితే సుమారు 12 కిలోల అన్నం. కందిపప్పు తలకు 30 గ్రాములు, అంటే కిలో 200 గ్రాములు. రెండు కూరలకూ కలిపి ఏడెనిమిది కిలోల కూరగాయలు, పెరుగు నాలుగు కిలోలు. గుడ్లు 25.

డబ్బు లెక్క చూద్దాం. ధరలు ఊరిని బట్టి, సీజన్‌ను బట్టి మారతాయి కానీ లెక్కవేసే తీరు ఇదే. పునాది భోజనం తలకు 100 రూపాయలకు కుదిరితే 4,000. గుడ్డు కూర 375. ఈ రెండింటి మీద అయిదు శాతం జీఎస్టీ 219. ధర అడిగేటప్పుడే పన్ను కలిపి చెప్పారా, లేదా అన్నది తేల్చుకోవాలి. అరటిపండ్లు, ఆకు ప్లేట్లు చెరొక 270, మంచినీళ్ల క్యాన్లు 80, ఆటో 300. మొత్తం 5,514. మిగిలిన 486 అనుకోని అవసరానికి. ఉదాహరణకు ఉపవాసం ఉన్నవారెవరైనా అప్పటికప్పుడు చెబితే వారికి పండ్లు, పాలు తెప్పించవచ్చు.

వడ్డన దగ్గర చేసే చిన్న పొరపాటు ఇంత శ్రమనూ పాడుచేస్తుంది. గుడ్డు కూర గరిటె పప్పు గిన్నెలోకి వెళ్లిందంటే 16 మందికి పప్పు లేనట్టే. అందుకే గుడ్డు కూర బల్ల వరుస చివర ఉండాలి, ప్రతి గిన్నెకూ సొంత గరిటె ఉండాలి. గిన్నె ముందు వంట పేరుతోపాటు అందులో ఏం పడిందో తెలుగులో, ఇంగ్లిషులో రాసి పెట్టాలి. పట్టింపులున్న వాళ్లను ముందుగా వడ్డించుకోమంటే గరిటెలు కలిసిపోయేలోపే వారి పళ్లెం నిండుతుంది.

వండిన పదార్థాన్ని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచవద్దని, వేడిగా ఉంచదలిస్తే 60 డిగ్రీల పైన ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తొమ్మిదింటికి వండి పదకొండుకల్లా ఆఫీసుకు చేర్చేస్తామని వంటవాళ్లంటే ఒప్పుకోకూడదు. పన్నెండున్నరకు మూత తీస్తే పొగలు రావాలి. వండిన అన్నం పొద్దంతా చల్లారి ఉంటే అందులో పెరిగే బ్యాక్టీరియా విషాన్ని మళ్లీ వేడి చేసినా పోగొట్టలేం.

అందరూ తిన్నాక ఏ గిన్నెలో ఎంత మిగిలిందో తూచి రాసి పెట్టుకోవాలి. మూడు కిలోల అన్నం మిగిలితే వచ్చేసారి కిలో బియ్యం తగ్గించవచ్చు. సొరకాయ కూర మొదటి పావుగంటలోనే అయిపోతే ఆ డబ్బు అటు మళ్లించవచ్చు.