ఎడ్యుకేషన్ లోన్: కోర్సు ఏడాది లేటైందా..? ఈఎంఐ మొదలవ్వకముందే బ్యాంకుకు ఈ లెటర్ ఇవ్వండి

ఏలూరు: ఇంజినీరింగ్ కాలేజీలున్న వట్లూరు లాంటి చోట ఏటా కొందరు హాజరు చాలకో, క్రెడిట్లు రాకో డిటైన్ అవుతుంటారు. నాలుగేళ్ల బీటెక్ అయిదేళ్లవుతుంది. ఆ సంగతి కాలేజీకి తెలుసు, ఇంట్లో తెలుసు. లోన్ ఇచ్చిన బ్యాంకుకు మాత్రం తెలీదు. చిక్కంతా అక్కడే.

బ్యాంకుల సంఘం ఐబీఏ నమూనా పథకం ప్రకారం కోర్సు కాలం, ఆపై మరో ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదు. దీన్నే మారటోరియం అంటారు. లోన్ ఇచ్చిన రోజే ఈ లెక్కతో మొదటి ఈఎంఐ తేదీని కంప్యూటర్‌లో పెట్టేస్తారు. ఉదాహరణకు 2021లో చేరిన విద్యార్థి కోర్సు 2025 మేలో ముగియాలి. అంటే ఈఎంఐ 2026 జూన్‌లో మొదలు. ఒక ఏడాది డిటైన్ అయితే అతను 2026 మే దాకా క్లాసుల్లోనే ఉంటాడు. చదువు అయిన మర్నెలే వాయిదా వచ్చి పడుతుంది! 90 రోజులు దాటి బాకీ పడితే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది. సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన నాన్న సిబిల్ స్కోరు కూడా దెబ్బతింటుంది.

దీనికి అదే పథకంలో దారి ఉంది. సకాలంలో కోర్సు పూర్తికాకపోతే గరిష్ఠంగా రెండేళ్ల వరకు గడువు పెంచవచ్చు. అయితే అది దానంతటదే పెరగదు, అడగాలి. డిటైన్ అయిన వెంటనే లోన్ ఇచ్చిన బ్రాంచికి విద్యార్థి, సహ రుణగ్రహీత ఇద్దరూ సంతకం చేసిన లెటర్ ఇవ్వాలి. దానికి కాలేజీ సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఆలస్యానికి కారణం, కోర్సు ముగిసే కొత్త నెల, ఫలానా సెమిస్టర్‌లో మళ్లీ చేరాడన్న మాట ఉండాలి. ఈ చివరిది ముఖ్యం. 'మధ్యలో మానేశాడు' అన్న అర్థం వస్తే కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీకే ఎసరు రావచ్చు. లెటర్ కాపీపై బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోండి. నోటిమాట ఫైల్లోకి ఎక్కదు.

గడువు పెరిగినా వడ్డీ ఆగదు. రూ.4 లక్షల అసలుపై 10 శాతం సాధారణ వడ్డీ అనుకుంటే, ఒక్క ఏడాదికి రూ.40 వేలు అదనం. కట్టకపోతే అది అసలులో కలిసి ఈఎంఐ పెరుగుతుంది. వీలైతే నెలకు రూ.3,300 చొప్పున వడ్డీ కట్టేయడం నయం.

అనుమతించాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టం. కానీ ఫిర్యాదు రాసిచ్చాక 30 రోజుల్లో జవాబే రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయొచ్చు. మంజూరైతే కొత్త ఈఎంఐ తేదీ ఉన్న వాయిదాల షెడ్యూల్‌ను బ్రాంచి నుంచి కాగితంపై తీసుకోండి. అందులో పాత తేదీయే కనిపిస్తే ఇంకా కంప్యూటర్‌లో మార్చలేదన్నమాట.