రాబడి తగ్గిన నెల ఏజెన్సీ ఏం రాయాలి?

ఆన్‌లైన్‌లో చీరలో పచ్చళ్లో అమ్ముకునే చిన్న వ్యాపారులు చాలామంది ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల పని ఏజెన్సీకి అప్పగిస్తారు. నెల తిరగ్గానే ఏజెన్సీ నుంచి ఒక మెయిల్ వస్తుంది. అందులో వ్యాపారి కళ్లు ముందు వెతికేది ‘రోయాస్’ అనే అంకెనే. ప్రకటనల మీద పెట్టిన ప్రతి రూపాయికీ ఎన్ని రూపాయల అమ్మకం జరిగిందో చెప్పే లెక్క అది. ఈ అంకె పడిపోయిన నెలలో సాధారణంగా వచ్చే జవాబు ఒకటుంది: ‘పండగలు అయిపోయాయి, పోటీ పెరిగింది, వచ్చే నెల బాగుచేస్తాం.’ ఈ జవాబులో కారణమూ లేదు, మందూ లేదు. అసలు ఆ మెయిల్ ఎలా ఉండాలో ఒక ఉదాహరణతో చూద్దాం. అంకెలు లెక్క కోసం మనం అనుకున్నవే.

ఒక చీరల దుకాణం. దసరా, దీపావళి రెండూ అక్టోబరులోనే వచ్చాయి. ఆ నెల ప్రకటనలకు 3 లక్షలు పెడితే 12 లక్షల అమ్మకం జరిగింది. అంటే రోయాస్ 4. నవంబరులోనూ 3 లక్షలే పెట్టారు. అమ్మకం మాత్రం 8 లక్షల 10 వేలకు తగ్గింది. రోయాస్ 2.7.

ఈ ఒక్క అంకెను ఎంతసేపు చూసినా కారణం తెలియదు. దాన్ని విడదీయాలి. ప్రకటన మీద ఒక క్లిక్ ఎంతకు పడింది, వచ్చినవాళ్లలో నూటికి ఎందరు కొన్నారు, కొన్నవాళ్లు సగటున ఎంత బిల్లు చేశారు అన్న మూడు ప్రశ్నలకు జవాబులు దొరికితే చాలు. అక్టోబరులో క్లిక్ 10 రూపాయలు, నూటికి ఇద్దరు కొన్నారు, సగటు బిల్లు 2,000. నవంబరులో క్లిక్ 12 రూపాయలు, కొన్నవాళ్లు నూటికి 1.8, సగటు బిల్లు 1,800. మూడూ కొంచెం కొంచెమే కదిలాయి, కానీ ఒకదానితో ఒకటి గుణించుకుని అమ్మకంలో మూడో వంతుకు దగ్గరగా తినేశాయి. మంచి మెయిల్ ఈ మూడింటినీ విడివిడిగా పట్టుకుంటుంది.

మొదటిది, క్లిక్ ధర. ‘పోటీ పెరిగింది’ అన్న మాట నిజమో కాదో ఇక్కడే తేలుతుంది. ప్రకటన వెయ్యిసార్లు కనిపించడానికి అయ్యే ఖర్చును సీపీఎం అంటారు. పోటీ పెరిగితే పెరగాల్సింది అది. మన దుకాణానికి రెండు నెలల్లోనూ అది 180 రూపాయలే. మారింది వేరు. అక్టోబరులో వెయ్యిసార్లు కనిపిస్తే 18 మంది నొక్కారు, నవంబరులో 15 మందే నొక్కారు. అదే 180ని 18కి బదులు 15తో భాగిస్తే 10 రూపాయల క్లిక్ 12 అయింది. సెప్టెంబరు నుంచి అదే వీడియో నడుస్తోంది. చూసినవాళ్లకే అది మళ్లీ మళ్లీ కనిపిస్తోందని ‘ఫ్రీక్వెన్సీ’ అంకె చెబుతుంది. ఇది పాతబడిన ప్రకటన. ఈ తప్పు ఏజెన్సీది, ఆ మాట మెయిల్లో ఉండాలి.

రెండోది, కొన్నవాళ్ల శాతం. నెల మొత్తం సగటు చూస్తే ఏమీ అర్థం కాదు, రోజువారీగా చూడాలి. 12వ తేదీ దాకా నూటికి ఇద్దరు కొంటూనే ఉన్నారు. ఆ తర్వాత అది 1.7 దగ్గరికి జారింది. ఆ రోజు ఏం జరిగిందంటే, వీడియోలో చూపించే చీర రంగుల్లో ఎక్కువగా పోయేవి అయిపోయాయి. ప్రకటన మాత్రం జనాన్ని ఆ పేజీకే పంపుతూ వచ్చింది. క్లిక్‌కు డబ్బు కట్టి, వచ్చినవాళ్లకు ‘స్టాక్ లేదు’ అని చూపించినట్టయింది. సరుకు అయిపోయిందని చెప్పాల్సింది దుకాణం, కనిపెట్టాల్సింది ఏజెన్సీ. ఇక్కడ బాధ్యత ఇద్దరిదీ.

మూడోది, సగటు బిల్లు. పండగకు ఇంట్లోవాళ్లకనీ, పెట్టుబడికనీ రెండు మూడు చీరలు కలిపి కొంటారు. పండగ దాటాక ఒక్కటే కొంటారు. దీనికి ప్రకటన మార్చి చేయగలిగింది తక్కువ. అలాగని చెప్పడమే నిజాయితీ.

ఇప్పుడు అసలు ప్రశ్న. 2.7 లాభమా, నష్టమా? ఈ దుకాణానికి వంద రూపాయల అమ్మకంలో సరుకు ఖర్చు పోను 40 మిగులుతాయి. వందను 40తో భాగిస్తే 2.5. రోయాస్ అంతకు తగ్గితే ప్రకటన నష్టమే. కాబట్టి పైకి 2.7 గట్టెక్కినట్టే ఉంది. కానీ క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లలో కొన్ని తలుపు దాకా వెళ్లి తిరిగొస్తాయి. ఆర్డరు పెట్టగానే దాన్ని అమ్మకంగా లెక్కగట్టే ఫేస్‌బుక్‌కు ఆ సంగతి తెలియదు. అమ్మకం విలువలో 15 శాతం తిరిగొచ్చిందనుకుంటే చేతికొచ్చింది 6 లక్షల 88 వేలు, అందులో మిగులు 2 లక్షల 75 వేలు. ప్రకటన ఖర్చు 3 లక్షలు. పాతిక వేలు నష్టం, పైగా రానూపోనూ కొరియరు ఖర్చు. రిటర్నులు కలిపి చూస్తే ఈ దుకాణం గట్టెక్కాలంటే రోయాస్ 2.94 ఉండాలి. మెయిల్లో ఈ గీత లేకపోతే వ్యాపారి 2.7 చూసి ‘పర్లేదులే’ అనుకుంటాడు.

ఇక సవరణలు. ప్రతి కారణానికీ ఒక పని, ఒక తేదీ, చేసేవారు ఉండాలి. మెయిల్లోని ఆ భాగం ఇలా ఉండొచ్చు:

‘నమస్కారం మేడమ్. 10వ తేదీలోగా మేం మూడు కొత్త వీడియోలు పెడతాం, పాతది ఆపేస్తాం. స్టాక్ లేని చీరల ప్రకటనలు నిన్ననే ఆపాం. ప్రతి సోమవారం మీరు స్టాక్ లిస్టు పంపితే వాటిని ఎప్పటికప్పుడు మారుస్తాం. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లకు పార్సిల్ కట్టేముందు మీవాళ్లు ఫోన్ చేసి ఖరారు చేసుకుంటే రిటర్నులు తగ్గుతాయి. క్లిక్ 11 రూపాయలకు దిగి, కొనేవాళ్లు 1.9కి చేరితే, బిల్లు ఇలాగే ఉన్నా రోయాస్ 3.1 అవుతుంది. 20వ తేదీకి క్లిక్ ధర తగ్గకపోతే బడ్జెట్ పెంచం, తగ్గిస్తాం.’

ఇందులో గమనించాల్సింది, పాత 4 మళ్లీ వస్తుందని మాట ఇవ్వలేదు. 3.1 ఎలా వస్తుందో లెక్క చూపించారు. అది రాకపోతే ఏం చేస్తారో కూడా ముందే చెప్పారు.

కంగారులో ఏజెన్సీలు చేసే పొరపాటు ఒకటుంది. ఒకేసారి ఐదారు కొత్త గ్రూపులు తెరిచి బడ్జెట్‌ను ముక్కలు చేస్తారు. ఫేస్‌బుక్ వ్యవస్థ ఒక గ్రూపులో ఎవరికి చూపించాలో కుదురుగా నేర్చుకోవడానికి వారానికి సుమారు 50 ఆర్డర్లు కావాలి. నవంబరులో దుకాణానికి వచ్చినవి 450, అంటే వారానికి నూరు చిల్లర. రెండు గ్రూపులకైతే సరిపోతాయి. ఐదుగా చీలిస్తే ఏదీ కుదుటపడదు, ఏ మార్పు పనిచేసిందో కూడా తెలియదు.

నివేదిక తేదీ కూడా చూసుకోవాలి. మామూలు సెట్టింగులో, ప్రకటన నొక్కిన ఏడు రోజుల్లోపు కొన్నా ఫేస్‌బుక్ దాన్ని నొక్కిన రోజు ఖాతాలోనే వేస్తుంది. ఒకటో తేదీన తీసిన లెక్కలో చివరి వారం అమ్మకాలు కొన్ని ఇంకా చేరి ఉండవు. అందుకే నెల లెక్క 8వ తేదీ తర్వాత తీయడం మేలు, రెండు నెలలకూ అదే పద్ధతి పాటించాలి.

మీకు ఇలాంటి మెయిల్ వస్తే రోయాస్ తగ్గిందని వెంటనే ఏజెన్సీని మార్చేయకండి. క్లిక్ ధర, కొన్నవాళ్ల శాతం, సగటు బిల్లు విడివిడిగా అడగండి. రిటర్నులు తీసేశాక మిగిలిందెంతో మీ ఖాతాతో సరిచూసుకోండి. ఈ లెక్కలు రెండుసార్లు అడిగినా ఇవ్వని ఏజెన్సీని మార్చడమే మంచిది.