ఎంత పోశారో రాయండి

బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. అప్పటిదాకా బస్సులు నెలన్నరకు పైగా ఎండలో నిలబడి ఉంటాయి. ‘కండిషన్‌లో ఉన్నాయా?’ అని బడివాళ్ళు అడిగితే కాంట్రాక్టర్ ఫిట్‌నెస్ పత్రం చూపిస్తాడు. ఆ పత్రం పరీక్ష జరిగిన రోజున బండి ఎలా ఉందో చెబుతుంది. ఆ తర్వాత రేడియేటర్‌లో కూలెంట్ తగ్గుతోందో లేదో దానికి తెలియదు. అది తెలియాలంటే బడి ముందే ఉత్తరం రాయాలి, అందులో ఒక్క మాట తప్పకుండా ఉండాలి: ‘ఎంత పోశారో రాయండి.’

‘చూశాం, బాగుంది’ అన్న టిక్కుకూ ఈ మాటకూ ఉన్న తేడా ఒక ఉదాహరణలో తెలుస్తుంది. డ్రైవరు సోమవారం పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూస్తే కూలెంట్ గీత కంటే కింద ఉంది. అర లీటరు పోశాడు. బుధవారం మళ్ళీ అర లీటరు, శుక్రవారం మరో అర లీటరు. పోసిన ప్రతిసారీ మట్టం గీతకు వచ్చింది కాబట్టి టిక్కుల పుస్తకంలో వారమంతా ‘ఓకే’. కొలత రాసిన పుస్తకంలో మాత్రం వారానికి లీటరున్నర మాయం. కూలెంట్ ఇంజిన్‌లో ఖర్చయ్యే వస్తువు కాదు, కనుక ఎక్కడో కారుతోంది. బండి కింద తడి ఉంటే గొట్టమో, వాటర్ పంపో చూడాలి. తడి లేకపోతే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. అప్పుడు డిప్‌స్టిక్ తీస్తే ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపించవచ్చు. అలా కనిపిస్తే ఆ బండిని ఇక తిప్పకూడదు. పోసింది కూలెంటా, కుళాయి నీళ్ళా అన్నది కూడా రాయమనాలి. నీళ్ళు పోస్తూ పోతే కూలెంట్ పలచబడి లోపల తుప్పు పడుతుంది.

బ్రేకుల దగ్గర ఉత్తరం ఇంకాస్త జాగ్రత్తగా రాయాలి. చిన్న వ్యాన్లకు బ్రేక్ ఆయిల్ ఉంటుంది. బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ దాని మట్టం మెల్లగా దిగుతుంది, ఒక్కసారిగా దిగితే లీకే. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ బ్రేకులు బాగా వేడెక్కినప్పుడు మరిగి ఆవిరి బుడగలు కట్టవచ్చు, అప్పుడు పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. అందుకే చివరిసారి మార్చిన తేదీ అడగాలి. పెద్ద బస్సులకు సాధారణంగా ఎయిర్ బ్రేకులు. వాటిలో బ్రేక్ ఆయిల్ ఉండదు, గాలి ట్యాంకులో చేరిన నీటిని వదిలారా అని అడగాలి. ఎయిర్ బ్రేకుల బస్సు పేజీలో ‘బ్రేక్ ఆయిల్ ఓకే’ అని కనిపిస్తే బండిని చూడకుండా రాశారన్నమాటే.

ఉత్తరంలో ఆ భాగం ఇలా ఉండవచ్చు:

‘ప్రతి బస్సుకూ విడి పుస్తకం పెట్టండి. బడి ఉన్న రోజుల్లో బండి స్టార్ట్ చేయకముందే మట్టాలు చూసి తేదీ, మీటరు రీడింగు, ఏది ఎంత పోశారు అన్నవి రాసి డ్రైవరు సంతకం చేయాలి. వేసవిలో చేయించిన సర్వీసింగ్ బిల్లుల నకళ్ళు బడి తెరిచే వారం ముందు మాకు అందాలి. వరుసగా రెండుసార్లు ఒకే ద్రవం తగ్గితే మెకానిక్ చూసి రాసిచ్చేదాకా ఆ బస్సు పిల్లల్ని ఎక్కించుకోకూడదు, బదులు బస్సు మీరే పంపాలి.’

చివరి షరతు మీద కాంట్రాక్టర్ బేరమాడతాడు. బదులు బస్సు ఖర్చు ఎవరిదో ఆ ఉత్తరంలోనే తేల్చుకోకపోతే, డ్రైవరు మూడోసారీ అర లీటరు పోసి బండి తీస్తాడు.