తొట్టి నిండుగానే ఉంది, గేదె తాగిందా?

ఎండాకాలంలో పాలు తగ్గగానే పాడిరైతు చూపు ముందు దాణా మీదికి పోతుంది. తవుడు మార్చాలా, చెక్క పెంచాలా, మినరల్ మిక్చర్ తేవాలా అని ఆలోచిస్తాడు. నీళ్ల సంగతి అడిగితే "తొట్టి ఎప్పుడూ నిండుగానే ఉంటుందండీ" అంటాడు. అది నిజమే కావచ్చు. కానీ పశువు తాగకపోయినా తొట్టి నిండుగానే ఉంటుంది.

గేదె పాలలో వందకు 82 పాళ్లు, ఆవు పాలలో 87 పాళ్లు నీరే. అందుకే తాగే నీళ్లు తగ్గితే ఆ లోటు ఒకటి రెండు రోజుల్లోనే పాలకేంద్రం చీటీలో కనబడుతుంది. రోజుకు 8 లీటర్ల పాలిచ్చే ముర్రా గేదెకు వేసవిలో 70, 80 లీటర్ల నీళ్లు అవసరమవుతాయి. వట్టి ఎండుగడ్డి మేస్తుంటే ఇంకా ఎక్కువ కావాలి. పచ్చిమేత దండిగా ఉంటే కొంత తగ్గుతుంది, ఎందుకంటే ఆ మేతలోనే ముప్పాతిక వంతు నీరుంటుంది.

ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం. రెండు గేదెలు, పాక పక్కన ఎండలో ఒక సిమెంటు గాబు ఉన్నాయనుకోండి. పొద్దున బోరు నీళ్లు పట్టేదీ, సాయంత్రం కుడితి పోసేదీ అందులోనే. మే నెలలో రెండింటి పాలూ ఒకేసారి 8 లీటర్ల నుంచి 6కు పడిపోయాయి. మేత మారలేదు, జ్వరం లేదు, పొదుగు బాగానే ఉంది. పేడ మాత్రం గట్టిపడింది, మూత్రం తక్కువగా, ముదురు పసుపులో వస్తోంది. ఇక్కడ పట్టుకోవలసిన మొదటి ఆనవాలు రెండూ ఒకేసారి తగ్గడం. ఒక్క పశువే తగ్గితే ఆ పశువు ఒంట్లో జబ్బు వెతకాలి. పాకలో అన్నీ కలిసి తగ్గితే ముందు నీళ్లూ మేతా చూడాలి.

ఇప్పుడు కొలవాలి. గాబు లోపల 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు ఉంటే, నీటిమట్టం ఒక సెంటీమీటరు దిగిందంటే 7 లీటర్లు ఖర్చయినట్టు. పొద్దున నీళ్లు నింపి మట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీయండి, మళ్లీ నింపకుండా, కుడితి పోయకుండా మర్నాడు అదే వేళకు చూడండి. 12 సెంటీమీటర్లు దిగిందంటే రెండూ కలిసి తాగింది 84 లీటర్లు, అంటే తలా 42. కావలసిన దానిలో సగం కాస్త దాటింది. మర్నాడు గాబు మూసేసి, కడిగిన 20 లీటర్ల పెయింటు బకెట్లలో అదే బోరు నీళ్లు నీడలో పెట్టండి. బకెట్లు మూడున్నర, నాలుగు చొప్పున ఖాళీ అవుతుంటే బోరులో తప్పు లేదు, తప్పు గాబుదే. బకెట్లోవి కూడా వాసన చూసి వదిలేస్తే నీటినే పరీక్షకు పంపాలి.

గాబులో ఏం జరిగిందో తెలియాలంటే నీటి మట్టానికి కింద లోపలి గోడ మీద చెయ్యి రాయండి. జారుతుంటే అక్కడ పాచి పొర పట్టింది. పశువు చొంగ, గడ్డి నలుసులు, కుడితిలోని గంజి ఆ పొరకు తిండి. ఎండకు అది పులిసి కంపు కొడుతుంది. మనకు తెలియని ఆ కంపు గేదెకు తెలుస్తుంది. పైగా మధ్యాహ్నం ఎండలో కాగిన నీళ్లు తనివితీరా తాగదు. నల్ల పైపులో నిలిచిన నీళ్లయితే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి, వాటిని వదిలేశాకే పట్టాలి.

చాలామంది నీళ్లలో ఇంత బ్లీచింగ్ పౌడర్ చల్లి ఊరుకుంటారు. అది పాచి పొర లోపలికి దిగదు. ముందు రుద్దాలి. అడుగున ఉన్న బిరడా తీసి నీళ్లన్నీ వదిలేసి, మడ్డి ఎత్తిపోసి, గట్టి బ్రష్షుతో గోడలూ మూలలూ తోమాలి. మూలల్లోనే పాచి మిగిలిపోతుంది. ఒకసారి కడిగాక, 10 లీటర్ల నీళ్లలో 10 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి లోపలంతా పూసి పావుగంట వదిలేసి, రెండుసార్లు శుభ్రంగా కడగాలి. ఘాటు వాసన పోయిన పాత పౌడర్ పనిచేయదు. దాన్ని యాసిడ్‌తో ఎన్నడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. ఎండాకాలంలో ఇలా వారానికోసారి తోమి, రోజూ సాయంత్రం అడుగు నీళ్లు మార్చి, పదిహేను రోజులకోసారి లోపల సున్నం వేసి ఆరనిస్తే పాచి త్వరగా పట్టదు. సున్నం ఆరేదాకా బకెట్లలో పెట్టండి. కుడితికి వేరే బేసిన్ పెట్టి, తాగగానే కడిగేయండి. ఇన్ని చేయలేనివాళ్లు ఈ ఒక్కటైనా చేయాలని నా గట్టి అభిప్రాయం.

మేకల తీరు వేరు. పెంటిక పడిన నీళ్లను మేక ముట్టదు, దాహంతోనే నిలబడుతుంది. తొట్టి దొడ్డి లోపల ఉంటే పిల్లలు ఎక్కి తొక్కుతాయి. తొట్టిని కంచెకు బయట పెట్టి, తల మాత్రం దూరే సందు వదిలితే ఆ బాధ ఉండదు. తొట్టి చుట్టూ బురద కాకుండా చూడాలి, తడినేల మీది పెంటికల నుంచే పిల్లలకు పారుడు అంటుకుంటుంది. పోతులు, ముఖ్యంగా విత్తులు కొట్టినవి, నీళ్లు తక్కువైతే మూత్రంలో రాళ్లతో బాధపడతాయి. పోతు ముక్కుతూ, అరుస్తూ, చుక్కలు చుక్కలుగా పోస్తుంటే ఆ పూటే డాక్టరును పిలవాలి.

కడిగినంత మాత్రాన పోని చెడు కూడా నీళ్లలో ఉంటుంది. నల్లగొండ, ప్రకాశం ప్రాంతాల్లో మనుషుల్ని వంచిన ఫ్లోరైడ్ పశువుల్నీ వదలదు. లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే కాళ్ల ఎముకలు గడ్డకట్టి, పశువు బిగుసుకుపోయి కుంటుతుంది. పళ్ల మీద గోధుమరంగు మచ్చలు మాత్రం పెరిగే వయసులో ఆ నీళ్లు తాగిన దూడలకే వస్తాయి. బయట నుంచి కొనుక్కొచ్చిన ఈడు గేదె పళ్లు తెల్లగా ఉన్నాయని నీళ్లు మంచివనుకోకూడదు. ఫ్లోరైడ్‌ను మరిగించీ తీయలేం, బ్లీచింగ్‌తోనూ తీయలేం. చెరువు నీళ్లో, వాన నీళ్లో కలిపి మోతాదు తగ్గించడమే రైతు చేతిలో ఉన్న దారి.

అయితే చెరువుకూ దాని గండాలు దానికున్నాయి. నత్తలున్న గట్టున మేసి, అక్కడే తాగే పశువులకు కార్జపు జలగ పడుతుంది. మెల్లగా చిక్కిపోవడం, పారుడు, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడటం దాని గుర్తులు. మండు వేసవిలో నీటి మీద ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కడితే అది వట్టి నాచు అనుకోవద్దు. అందులో కొన్ని రకాలు విషం చిమ్ముతాయి, తాగిన పశువు గంటల్లోనే పడిపోవచ్చు. తెట్టు పోయేదాకా మందను ఆ రేవుకు తోలకూడదు.

పరీక్షకు నీళ్లు పట్టేటప్పుడు బోరును ఐదు నిమిషాలు వదిలి, సీసాను అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి నింపాలి. క్రిములు చూడాలంటే మాత్రం ల్యాబువాళ్లిచ్చిన సీసాలోనే పట్టి అదే రోజు అందించాలి. బజారులో దొరికే టీడీఎస్ మీటరు ఉప్పు శాతమే చెబుతుంది. ఫ్లోరైడ్, నైట్రేట్, క్రిములు దానికి తెలియవు. అది 1000 లోపు చూపిస్తే ఉప్పు పరంగా పశువుకు మంచి నీళ్లే. 3000 దాటితే కొత్త పశువు మొదట్లో వెనకాడుతుంది, పేడ పలచబడుతుంది. 7000 దాటిన నీళ్లు చూలు పశువుకూ పాలిచ్చేదానికీ పెట్టకూడదు. సీసా మీద ఊరి పేరు, బోరు లోతు, పట్టిన తేదీ రాసి, ఎక్కడికి పంపాలో పశువైద్యశాలలో అడగండి. పశువు నిలబడలేని స్థితిలో ఉంటే మాత్రం ఫలితం కోసం ఆగకుండా 1962కు ఫోన్ చేయండి.