పెట్టెకు మూడు రూపాయల తొంభై పైసలు

అట్టపెట్టెల వ్యాపారంలో ఉన్నవాళ్లకు 2021 మొదట్లో కంటి మీద కునుకు లేదు. ఆ ఏడాది జనవరి 1 నుంచి చైనా వ్యర్థ కాగితం దిగుమతిని పూర్తిగా ఆపేసింది. పాత కాగితం పంపడానికి దారి మూసుకుపోవడంతో, దాన్ని గుజ్జుగానో రీళ్లుగానో మార్చి పంపగలిగే మిల్లులకు అక్కడ గిరాకీ పెరిగింది. మన దేశపు క్రాఫ్ట్ పేపరు మిల్లులు కొన్ని అటు ఎగుమతికి తిరిగాయి. దానికి తోడు కంటైనర్ల కొరతతో మన మిల్లులు తెప్పించుకునే పాత కాగితమూ ప్రియమైంది. రీలు రేటు ఎగబాకింది. మిల్లులకూ, పెట్టెలు కొనే పెద్ద కంపెనీలకూ మధ్య నలిగింది చిన్న చిన్న పెట్టెల యూనిట్లే.

మిల్లు వాడు ఫోన్లో ఒక్క మాటతో రేటు పెంచేస్తాడు. ఆ భారాన్ని కొనుగోలుదారు దగ్గరికి చేర్చడం మాత్రం అంత తేలిక కాదు. ‘ముడి సరుకు పెరిగింది, వచ్చే బిల్లు నుంచి ఇరవై శాతం ఎక్కువ’ అని వాట్సాప్‌లో ఒక ముక్క పడేస్తే అవతలి పర్చేజ్ మేనేజరు మొదట చేసే పని మరో ఇద్దరి దగ్గర కొటేషన్ అడగడం.

ఒక లెక్క వేసి చూద్దాం. జీడిమెట్లలో ఒక పెట్టెల యూనిట్ ఉందనుకుందాం. పచ్చళ్ల కంపెనీ ఒకటి దాని దగ్గర నెలకు పది వేల పెట్టెలు కొంటోంది. పెట్టె బరువు 600 గ్రాములు. కత్తిరింపుల్లో పోయే తరుగు కలిపితే ఒక్కోదానికి 650 గ్రాముల కాగితం పడుతుంది. కిలో 30 రూపాయలున్నప్పుడు కాగితం ఖర్చు 19 రూపాయల 50 పైసలు. జిగురు, కరెంటు, కూలి, రవాణా, లాభం కలిసి మరో 13 రూపాయలు. వెరసి పెట్టె రేటు 32 రూపాయల 50 పైసలు.

ఇప్పుడు కాగితం 36 రూపాయలైంది, అంటే 20 శాతం పెరిగింది. పెట్టె మీద కూడా 20 శాతం వేస్తే 39 రూపాయలవుతుంది. నిజంగా పెరిగిన ఖర్చు 650 గ్రాములకు ఆరు రూపాయల చొప్పున 3 రూపాయల 90 పైసలే. న్యాయమైన కొత్త రేటు 36 రూపాయల 40 పైసలు, పెంపు 12 శాతం. పెట్టె రేటులో కాగితం వాటా అరవై శాతమే కనుక కాగితం పెరిగినంత శాతం పెట్టె పెరగదు. ఈ తేడా కొనేవాడికి తెలియదనుకోవడం అమాయకత్వం. పెట్టెను తక్కెడలో పెడితే బరువు తెలుస్తుంది, రీలు రేటు ఒక ఫోనుతో తెలుస్తుంది. అందుకే లెక్కను ఉత్తరంలోనే పెట్టేయడం మేలు.

ఇక గడువు ఎంత ఇవ్వాలి? వాడుకలో 30 రోజులన్నది ఎక్కువగా వినిపిస్తుంది గానీ, ఆ అంకె ఎక్కడి నుంచి రావాలో గోడౌన్‌లోకి తొంగి చూస్తే తెలుస్తుంది. మన యూనిట్లో పాత రేటుకు కొన్న కాగితం 21 రోజులకు సరిపడా ఉందనుకుందాం. ఆ 21 రోజులూ పాత రేటుకు అమ్మితే నష్టమేమీ లేదు. రేపటి నుంచే కొత్త రేటు అంటే మాత్రం పాత కాగితం మీద కొత్త లాభం గుంజుతున్నట్టే. నెల గడువిస్తే సొంతంగా మోయాల్సింది మిగిలిన తొమ్మిది రోజుల భారం. మూడు వేల పెట్టెలు, పెట్టెకు 3 రూపాయల 90 పైసలు, మొత్తం 11,700 రూపాయలు. ఆ వ్యవధిలో పచ్చళ్ల కంపెనీ తన డిస్ట్రిబ్యూటర్లతో మాట్లాడుకుని సీసా రేటు సవరించుకోగలదు. ఈ మొత్తాన్ని పాత పార్టీని నిలుపుకోవడానికి పెట్టిన ఖర్చు కింద రాసుకోవచ్చు.

ఎక్కువగా తగవులొచ్చేది చేతిలో ఉన్న ఆర్డర్ల దగ్గర. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం కొటేషన్‌ను అవతలివాళ్లు అంగీకరించేలోగా వెనక్కి తీసుకోవచ్చు. అంగీకారం కుదిరాక అది ఒప్పందం. దాన్ని మార్చాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. ముడి సరుకు ధర మండిపోయిందన్న కారణం ఒక్కటే సరిపోదు. సైన్యానికి నెయ్యి కొనిపెట్టే ఏజెంట్లు, యుద్ధకాలంలో పరిస్థితులు తారుమారయ్యాయని, ఒప్పందంలో లేని ఎక్కువ మొత్తం ఇవ్వాలని కోరిన అలోపీ పర్షాద్ కేసులో 1960లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పరిస్థితులు మారి ఒప్పందం భారమైనంత మాత్రాన అది రద్దు కాదని చెప్పింది. విచిత్రమేమిటంటే ఒప్పందం కుదిరాక పన్ను పెరిగితే, ఒప్పందంలో వేరే మాట లేనంతవరకు, ఆ పెంపును కొనేవాడి మీద వేసే వీలు 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ఇస్తుంది. కాగితం ధరకు అలాంటి వెసులుబాటు లేదు. కావాలంటే ధర సవరణ నిబంధనను ముందే రాసుకోవాలి.

కాబట్టి ఉత్తరంలో తేదీలు తడబడకూడదు. జూన్ 1న రాసే ఉత్తరం ఇలా ఉండొచ్చు:

‘అయ్యా, మీరు తీసుకునే అయిదు పొరల పెట్టెలో వాడే క్రాఫ్ట్ పేపరు కిలో 30 నుంచి 36 రూపాయలకు పెరిగింది. మిల్లు బిల్లుల నకళ్లు జత చేశాం. పెట్టెకు 650 గ్రాముల చొప్పున మా అదనపు ఖర్చు 3.90 రూపాయలు. జూలై 1 నుంచి పెట్టె రేటు, జీఎస్టీ కాకుండా, 36.40 రూపాయలు. జూన్ 30 వరకు మేము అంగీకరించిన ఆర్డర్లకు, సరుకు జూలైలో దిగినా, పాత రేటే. జూన్‌లో మీ మామూలు నెల పరిమాణం వరకు ఆర్డర్లు తీసుకుంటాం. కాగితం ధర తగ్గితే ఇదే లెక్కన తగ్గిస్తాం. ఇతర ఖర్చుల్లో మార్పు లేదు.’

‘మామూలు నెల పరిమాణం’ అన్న మాట లేకపోతే ఏమవుతుందో అనుభవం ఉన్నవాళ్లకు తెలుసు. గడువులోగా నలభై వేల పెట్టెలకు ఆర్డరు వచ్చి పడుతుంది. అమ్మేవాడు ఆ కాగితాన్ని కొత్త రేటుకు కొనాలి. కొన్నవాడికీ సుఖం లేదు. వానాకాలంలో గోడౌన్‌లో పేర్చిన అట్ట తేమ పీల్చుకుని మెత్తబడుతుంది, సీసాల బరువు ఆపలేక అడుగు వరస కుంగిపోతుంది.

ఉత్తరం రాసే ధైర్యం లేనివాళ్లు ఎంచుకునే దొడ్డిదారి ఒకటుంది. రేటు ముట్టుకోరు, కాగితం పలచన చేస్తారు. 600 గ్రాముల పెట్టె చల్లగా 540కి దిగుతుంది. మొదటి లోడు తెలియకుండా పోతుంది. తర్వాత ఎక్కడో లారీలో సీసాలు పగిలి, నూనె కారి, ఫోటోలు వస్తాయి. అప్పుడు ఎవరో ఒకరు పెట్టెను తక్కెడ మీద పెడతారు. ఆ పూటే పాత బకాయి కూడా ఆగిపోతుంది.

ఇంకో తప్పు, నలుగురు తయారీదారులు కూర్చుని అందరం ఫలానా శాతమే పెంచుదామని తీర్మానించుకోవడం. ధరను కలిసి నిర్ణయించుకోవడం పోటీ చట్టానికి విరుద్ధం. కాగితం అందరికీ పెరిగినా ఎవరి ఉత్తరం వారిదే, ఎవరి లెక్క వారిదే.

ఉత్తరం వెళ్లే ముందు రోజు యజమానే ఫోన్ చేసి చెబితే మంచిది. పర్చేజ్ మేనేజరు తన పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి గదా. ‘మా ఎండీ గారు ఆరు శాతానికి మించి ఒప్పుకోరండీ’ అని అటు నుంచి రావడం మామూలే. అక్కడ బేరానికి చాలా దారులుంటాయి: సరుకు అందిన 45 రోజులకు ఇచ్చే డబ్బు 15 రోజుల్లో ఇస్తే కొంత తగ్గించవచ్చు, నెలకు నాలుగు లోడ్లను రెండు చేస్తే రవాణా మిగులుతుంది.

ఇక నాలుగు నెలలకు కాగితం 33 రూపాయలకు దిగిందనుకుందాం. అదే 650 గ్రాముల లెక్కన పెట్టెకు 1 రూపాయి 95 పైసలు తగ్గాలి. ఆ ఉత్తరం కోసం పచ్చళ్ల కంపెనీ ఎదురుచూస్తూనే ఉంటుంది, జూన్ నాటి కాగితం దాని ఫైల్లోనే ఉంది.