‘మేఘాల్లోకి పారిపోండి’ అంటే ఎవరొస్తారు?

కొండ మీది రిసార్టుకు బ్రోచర్ రాయించేటప్పుడు చాలామంది ముందు ఇంగ్లిష్‌లో రాయించి, దాన్నే తెలుగులోకి మార్పిస్తారు. గదుల అద్దె, ఫోన్ నంబర్ లాంటివాటికి ఇబ్బంది లేదు. నినాదం దగ్గరే బెడిసికొడుతుంది. ‘ఎస్కేప్ టు ద క్లౌడ్స్’ కాస్తా ‘మేఘాల్లోకి పారిపోండి’ అవుతుంది. తెలుగులో పారిపోయేది దొంగ, లేదంటే అప్పులవాళ్లకు మొహం చాటేసినవాడు. ‘బ్రెత్‌టేకింగ్ వ్యూస్’ను ‘ఊపిరి తీసే దృశ్యాలు’ అని రాస్తే, ఆయాసం ఉన్న పెద్దవాళ్లు గడప కూడా దాటరు.

మరేం చేయాలి? నినాదాన్ని పక్కన పెట్టి, దాని కింద ఉన్న నిజాన్ని పట్టుకోవాలి. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌నే తీసుకుందాం. ఎత్తు సుమారు 1,265 మీటర్లు. కడప 140 మీటర్ల ఎత్తులోనే ఉంది. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే వేడి మామూలుగా 6 డిగ్రీల దాకా తగ్గుతుంది. అంటే కడప కుటుంబానికి ఈ కొండ మీద దొరికేది చల్లదనం. దాన్ని ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే చెప్పొచ్చు: ‘కింద కూలర్. పైన రాత్రికి దుప్పటి.’

ఇందులో ‘రాత్రికి’ అన్న మాట తీసేయకూడదు. మే నెలలో మధ్యాహ్నం కొండ మీద కూడా ఎండ ఉంటుంది. ‘గజగజ వణికించే చలి’ అని రాస్తే, స్వెటర్లు మోసుకొచ్చిన కుటుంబం మోసపోయామనుకుంటుంది. పైగా మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడివాళ్లకు తేడా 3, 4 డిగ్రీలే కాబట్టి వాళ్లను ఈ మాట అంతగా లాగదు.

ఇక ఇంగ్లిష్ బ్రోచర్ చదివేది ఎక్కువగా బెంగళూరు నుంచి వీకెండ్‌కు వచ్చేవాళ్లు. వాళ్ల ఊరే 900 మీటర్ల ఎత్తులో ఉంది, చల్లదనం వాళ్లకు కొత్త కాదు. వాళ్లకు కావాల్సింది ట్రాఫిక్ లేని రెండు రోజులు. అందుకే అక్కడ ‘టూ డేస్, నో హారన్స్’ లాంటి మాట పనిచేస్తుంది. దీన్ని కూడా తెలుగులోకి మార్చకూడదు.

నినాదాలు వేరైనా వివరాలు మాత్రం రెండింట్లోనూ ఒకటే ఉండాలి. అద్దె, చెక్ఇన్ టైమ్, వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి, వంటగదిలో హలాల్ మాంసం వాడతారా లేదా అన్నవి ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేకపోతే రిసెప్షన్ దగ్గర గొడవే.

ప్రింటుకు ఇచ్చేముందు ఒక చిన్న పరీక్ష ఉంది. ఇంగ్లిష్ రాని ఒకరికి తెలుగు బ్రోచర్ చదివి వినిపించి, ‘ఏం అర్థమైంది?’ అని అడగాలి. ‘అక్కడ రాత్రిళ్లు చల్లగా ఉంటుందంట’ అంటే పాసైనట్టే. ‘భలే రాశారు’ అని ఊరుకుంటే మళ్లీ రాయాల్సిందే.